ముప్పై ఆరు మార్కులు

"ఇంట్లో మాట్లాడుకునే భాషే కదా, బళ్లో రాయడానికేం రోగం?" అనే పెద్దమనుషులు ప్రతి వీధికీ నలుగురుంటారు. అలాంటి వాళ్లని పట్టుకుని ఎనిమిదేళ్లు పరాయి దేశంలో ఉంచి, తిరిగి తీసుకొచ్చి తొమ్మిదో తరగతి మూడో బెంచీలో కూర్చోబెట్టాలి. అప్పుడుగానీ తిక్క కుదరదు. అన్నం పెట్టమని అడగడానికి వచ్చిన భాష వేరు, పద్యానికి భావం రాయడానికి కావలసిన భాష వేరు. ఈ సంగతి తెలియనివాళ్లలో అలా తిరిగొచ్చిన ఒక పిల్ల తల్లి కూడా ఒకతె, అదే మన కథ.

ఆరేళ్లప్పుడు ఒకటో తరగతి సగంలో వెళ్లిన పిల్ల, పద్నాలుగేళ్లకి తిరిగొచ్చింది. తండ్రి పనిచేసే ఓడరేవులో క్రేన్లన్నీ మనిషి లేకుండా నడిచేవి పెట్టారు. క్రేన్ నడిపే మనిషికి ఇక అక్కడేం పని? సామాను సర్దుకుని నలుగురూ వచ్చేశారు. తండ్రికి ఊరికి దూరంగా ఒక గోదాములో పని దొరికింది, వారానికొకసారి ఇంటికి వస్తాడు. తల్లి ఒక కుట్టు కార్ఖానాలో చేరింది. చొక్కాలకి కాలర్లు కుట్టడం ఆమె పని. పొద్దున్నించి సాయంత్రం దాకా కాలర్లే తప్ప పూర్తి చొక్కా ఆమె చేతిలోకి రాదు.

బళ్లో చేర్చడానికి వెళ్లిన రోజు పెద్ద మేడమ్ కాగితాలన్నీ తిరగేసి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఇందులో పాస్ అని ఎక్కడా లేదేంటమ్మా?"

"అక్కడ పాసూ ఫెయిలూ రాయరండీ. ఏడాది చివర ఇలా ఉత్తరంలా రాసిస్తారు. పిల్ల బాగా ఆలోచిస్తుంది, అందరితో కలిసి పని చేస్తుంది, అని ఉందట."

"కలిసి పని చేస్తే మా బోర్డువాళ్లు ఒప్పుకోరు. ఎన్నో తరగతి పూర్తయిందో అక్కడి విద్యాశాఖ వాళ్లు ముద్ర వేసి ఇవ్వాలి. దాని మీద మళ్లీ మన వాళ్ల ముద్ర పడాలి. అది తెప్పించండి. అప్పటిదాకా తాత్కాలికంగా చేర్చుకుంటాను. వయసు చూస్తే తొమ్మిదో తరగతి. ఏడో తరగతిలో కూర్చోబెట్టమంటే చెప్పండి, తేలిగ్గా ఉంటుంది."

"ఏడా?" అంది తల్లి. "తోటివాళ్లందరికంటే తలంత ఎత్తుంటుంది. వద్దు మేడమ్. తొమ్మిదే."

పెద్ద మేడమ్ ఒక మంచిమాట కూడా చెప్పింది. విదేశంలో చదివొచ్చిన పిల్లలకి మాతృభాష పేపరు నుంచి మినహాయింపు ఉంటుంది, దాని బదులు ఇంకో పేపరు రాసుకోవచ్చు. పదో తరగతి పరీక్షకి పేర్లు తొమ్మిదిలోనే ఎక్కిస్తారు కాబట్టి, ఈ ఏడాదిలోనే ఆ దరఖాస్తు విద్యాశాఖ కార్యాలయానికి చేరాలి. కానీ దానికీ ఆ ముద్రల కాగితమే కావాలి.

తల్లి ఈ మాట గుండెల్లో దాచుకుంది. కారణముంది. ఆమె పదో తరగతిలో ఒక్క సబ్జెక్టు తప్పింది. ఒక్కటంటే ఒక్కటి, లెక్కలు. మళ్లీ రాద్దామంటే పెళ్లి, పెళ్లయ్యాక పిల్లలు, పిల్లలయ్యాక పరాయి దేశం. అక్కడ పదిళ్లలో అంట్లు తోమినా, ఇక్కడ కాలర్లు కుట్టినా, ఆ ఒక్క సబ్జెక్టే తన నెత్తిన కూర్చుందని ఆమె నమ్మకం. పిల్లలు అన్నం తినకపోయినా, జ్వరమొచ్చినా, చివరికి చెప్పులు పోగొట్టుకొచ్చినా ఆమె నోట ఆ మాట రావలసిందే. "నాలాగా పది తప్పితే తెలుస్తుంది మీకు."

చిన్నవాడికి తొమ్మిదేళ్లు. వాడి సంగతి అసలు చెప్పుకోనక్కర్లేదు. నాలుగో తరగతిలో వేశారు. మొదటి వారం ఏడ్చాడు, రెండో వారం కొట్టాడు, మూడో వారం కొట్టించుకున్నాడు, నాలుగో వారానికల్లా వీధిలో వాడి నోట వినకూడని బూతులన్నీ వినిపించాయి. తల్లి చెవి మెలిపెట్టిందిగానీ లోపల సంతోషించింది. వాడు గట్టెక్కాడు. బాధంతా పెద్దదానితోనే.

మొదటి రోజే పిల్ల మాస్టారు పాఠం చెబుతుండగా చెయ్యెత్తి, "అలా ఎందుకవుతుంది?" అని అడిగింది. అక్కడ అడగాలి. అడగకపోతే పిల్లకి ఆసక్తి లేదని ఇంటికి ఉత్తరం రాస్తారు. ఇక్కడ క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. సామాన్య శాస్త్రం మాస్టారు, "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాడు. మర్నాటికి దానికి పేరు పెట్టేశారు. టూరిస్టు. చూసి పోవడానికి వచ్చినదట.

లెక్కల్లో జవాబు సరిగ్గానే వచ్చేది, కానీ మెట్లు వేరుగా ఉండేవి. మెట్లకి మార్కులు, జవాబుకి ఒక్కటే. అక్కడ ఎక్కం మర్చిపోతే యంత్రం వాడుకోమనేవారు, ఇక్కడ పదమూడో ఎక్కం రాక నిలబడిపోయింది. చరిత్రలో రాజుల పేర్లు ఇక్కడి పిల్లలు మూడో తరగతి నుంచీ వింటున్నారు. దీనికి ఏ రాజు ఏ రాజుకి తండ్రో, ఏ రాజు ఎవరిని చంపాడో ఏమీ తెలియదు. అన్నిటికంటే నరకం బోర్డు మీద రాసింది చూసి రాసుకోవడం. మాస్టారు రాసి, చదివి, చెరిపేసేసరికి దీనికి రెండో వాక్యం సగంలో ఉండేది. మన అక్షరాలు దానికి బొమ్మల్లా కనిపించేవి. ఒక్కో అక్షరాన్నీ చూసి గీసేది, దాని కింద ఒత్తుని వెతుక్కుని గీసేది. ఖాళీలు మిగిలిన నోటుబుక్కు చూసి మాస్టార్లు ఎర్రసిరాతో 'అసంపూర్ణం' అని రాసేవారు. ఆ మాటని కూడా అది కూడబలుక్కునే చదువుకునేది.

మొదట్లో ఇంటికొచ్చి అన్నీ చెప్పేది. తర్వాత సగం చెప్పేది. ఆపైన "బావుంది" అనేది. మధ్యాహ్నం అన్నం డబ్బా ఎక్కడ కూర్చుని తింటున్నావని తల్లి అడిగితే "మెట్ల మీద" అంది. ఎవరితో అని అడిగితే డబ్బా కడగడానికి లేచిపోయింది. పోనీ ఏడో తరగతిలోనే వేసి ఉంటే బావుండేదేమోనని ఆ రాత్రి తల్లి మొగుడితో ఫోనులో అంటే, "నీకెలా తోస్తే అలా చెయ్యి" అన్నాడు. వారానికొకసారి వచ్చే మొగుడు అంతకంటే ఏమంటాడు.

మూడో నెలలో వాగుడుకాయ వచ్చింది.

ఆ పేరు తల్లి పెట్టినదే. ఆ పిల్ల మాతృభాష మాస్టారి కూతురు, అదే క్లాసు. గడపలో చెప్పులు విప్పడం మొదలుపెట్టిన క్షణం నుంచి మళ్లీ తొడుక్కునేదాకా నోరు మూతపడేది కాదు. ఒకరోజు టూరిస్టు వెంట ఇంటికొచ్చేసి, "ఆంటీ, మీ అమ్మాయికి లెక్కలు భలే వచ్చు, నాకు సున్నా. దానికి భాష సున్నా, నాకు మా నాన్న పుణ్యమా అని వచ్చు. అందుకని ఒప్పందం చేసుకున్నాం" అంది.

"మంచి బేరమే. ఎవరు లాభపడతారో?" అని నవ్వింది తల్లి.

"నేనే ఆంటీ. లెక్కలు కష్టం కదా."

ఆ రోజు పెద్దది పగలబడి నవ్వడం తల్లి వింది. వచ్చిన మూడు నెలల్లో అదే మొదటిసారి.

రోజూ బడి నుంచి తిన్నగా మాస్టారింటికి వెళ్లి దీపాలు పెట్టేవేళకి వచ్చేది. కార్ఖానా నుంచి తల్లి వచ్చేదీ అప్పుడే. ఏం చదివారంటే "పాత పేపర్లు" అనేది. వాగుడుకాయ ఏడేళ్ల ప్రశ్నపత్రాలు సంపాదించి, ముందేసుకుని, కోటకి దారి వెతికే సేనాపతిలా కూర్చుంది. ఏ పద్యాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయో గుర్తు పెట్టింది. పన్నెండు పద్యాల్లో అయిదు నేర్చుకుంటే రెండు తప్పకుండా పడతాయి. పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, జాతీయాలు కలిపి ఇరవై మార్కులు, అవి బట్టీ. ఇచ్చిన పేరా చదివి జవాబులు రాసేదానికి పది. పేరా అర్థం కాకపోయినా ప్రశ్నలో ఉన్న మాటని పేరాలో వెతుక్కుని ఆ వాక్యం ఎత్తి రాస్తే నాలుగైనా వస్తాయి. వ్యాసం ఒకటి, 'శ్రమ విలువ', అది కంఠతా. లేఖ మాత్రం సొంతంగా రాయాలి, ఎందుకంటే లేఖ ఏ విషయం మీద అడుగుతారో ఎవరికీ తెలియదు. పాస్ మార్కు ముప్పై అయిదు. ఆ పిల్లలిద్దరూ లెక్కలు కట్టుకుని, ముప్పై అయిదుకి ఎక్కడెక్కడ ఎన్ని రాబట్టాలో గీతలు గీసుకున్నారు. ఆ నోటుబుక్కు మాస్టారింట్లోనే ఉండేది. తల్లి దాన్ని ఎప్పుడూ చూడలేదు. కథంతా ఇక్కడే చెడింది.

అర్ధ సంవత్సర పరీక్షలయ్యాయి. మాతృభాషలో పిల్లకి ముప్పై ఆరు వచ్చాయి.

ప్రోగ్రెస్ కార్డు చూసి తల్లి రెండుసార్లు వేలు పెట్టి చదివింది. కార్ఖానాలో పక్క మిషను ఆవిడకి చెప్పింది, ఎదురింటావిడకి చెప్పింది, కూరలమ్మేవాడికి కూడా చెప్పింది. అందరికీ చెప్పాక, ఆ రాత్రి పడుకున్నప్పుడు, ఒక చిన్న అనుమానం దోమలా చెవి దగ్గర తిరగడం మొదలుపెట్టింది. అయిదు నెలల్లో? అదీ, మాస్టారి కూతురు స్నేహితురాలయ్యాక?

సరిగ్గా ఆ వారమే ముద్రల కాగితం వచ్చింది. అయిదు నెలలు పట్టింది రావడానికి. తల్లి సగం రోజు సెలవు పెట్టి విద్యాశాఖ కార్యాలయానికి పరుగెత్తింది. మినహాయింపు దరఖాస్తులకి ఇంకా పన్నెండు రోజుల గడువుంది. గుమాస్తా అన్నీ చూశాడు. విదేశంలో వరసగా అయిదేళ్లు చదివుండాలి, ఉంది. ముద్రలు ఉన్నాయి. ప్రోగ్రెస్ కార్డు తెరిచాడు, చటుక్కున మూసేశాడు.

"భాషలో పాసయిందిగా అమ్మా."

"అవునండీ. ముప్పై ఆరు."

"మరి ఇంకెందుకు మినహాయింపు? ఇక్కడి బడిలో ఆ భాష పరీక్ష పాసైన వాళ్లకి ఇవ్వరు. నిబంధన. తప్పి ఉంటే ఈపాటికి సంతకం అయిపోయేది."

తల్లి బల్లమీదకి వంగింది. "బళ్లో పేపరు వేరు, బోర్డు పేపరు వేరు కదండీ. అక్కడ వేరే ఊరివాళ్లు దిద్దుతారు. ఒక్క మార్కు తేడాలో ఉంది బాబూ. అది తప్పిందంటే పదో తరగతి మొత్తం పోయినట్టే."

"నిజమే. కానీ రాసున్న మార్కుల్ని నేను చెరపలేనుగా." గుమాస్తా చెడ్డవాడేం కాదు. కాస్త గొంతు తగ్గించి అన్నాడు. "ఆ మార్కులు నిజమైనవి కావని, జాలిపడి వేసినవని మీకనిపిస్తే, అది వేరే సంగతి. రాసిస్తే పేపరు తీసి మళ్లీ దిద్దిస్తారు. తప్పిందని తేలితే మినహాయింపు దానంతటదే వస్తుంది."

ఇంటికొచ్చేదాకా ఆ మాట ఆమెని వదల్లేదు. ఆ సాయంత్రం పొట్లం కట్టొచ్చిన పాత పేపరు ముక్క ఒకటి తీసి పిల్ల ముందు పెట్టింది.

"ఇది చదువు అమ్మడూ."

పిల్ల తల్లి మొహం చూసింది. ఎందుకు అడుగుతోందో దానికి అర్థమైంది, పిల్లలకి ఇలాంటివి అర్థమవుతాయి. చదవడం మొదలుపెట్టింది. సిమెంటు ధరల గురించి ఏదో వార్త. మొదటి వాక్యంలోనే రెండు చోట్ల ఆగింది, మూడో మాట దగ్గర వెనక్కి వెళ్లింది, ఒక సమాసం దగ్గర పూర్తిగా నిలబడిపోయింది. పక్కన చిన్నవాడు ఒక్క ఊపులో చదివేసి "అక్కకి రాదు" అన్నాడు. వాడి నెత్తిన ఒకటి పడింది.

"పరీక్షలో నువ్వే రాశావా?" అంది తల్లి.

"నేనే రాశాను."

"అంతా నువ్వే?"

"పేపరు వేరమ్మా. అందులో ఏమొస్తాయో మాకు తెలుసు. ఇదంటే కొత్తది."

"మాస్టారు ఏమైనా..."

"నేనే రాశాను అమ్మా," అంది పిల్ల మళ్లీ, మెల్లగా. "కావాలంటే అడుగు."

తల్లి అడగడానికి వెళ్లింది కూడా. మాస్టారు వరండాలో పేపర్లు దిద్దుతున్నాడు. కూర్చోమన్నాడు. ఆమె నీళ్లు నమిలి నమిలి, చివరికి అడిగేసింది. ఒక్క ముక్క రాసిస్తే చాలు, పిల్ల మీద దయతో నాలుగు మార్కులు కలిపానని, ఎవరికీ నష్టం లేదు, పిల్ల బతుకు నిలబడుతుంది.

"కలపలేదుగా అమ్మా," అన్నాడు మాస్టారు. "అది రాసింది, నేను వేశాను. ఇంకో రెండు వెయ్యొచ్చేమో కూడా. మా అమ్మాయి స్నేహితురాలని చెయ్యి బిగబట్టుకున్నాను."

"ఇంట్లో పేపరు ముక్క చదవలేకపోయిందండీ."

"ఇప్పుడు చదవలేదు. వచ్చే ఏడాదికి చదువుతుంది. ఆ పిల్ల మీరనుకున్నదానికంటే మొండిది. పది పాసవుతుంది, నా పూచీ."

పూచీ అట. పదో తరగతి తప్పిన మనిషికి ఈ పూచీలు ఎక్కుతాయా? తనకీ ఒకప్పుడు లెక్కల మాస్టారు ఇలాగే చెప్పాడు. ఉద్యోగం పోతుందని భయపడి ఈయన ఒప్పుకోవడం లేదని ఆమె నిశ్చయించుకుంది. స్నేహితురాలిని కాపాడుకోవడానికి తన పిల్ల అబద్ధమాడుతోందని కూడా నిశ్చయించుకుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. తల్లి ప్రేమని తప్పు పట్టగూడదంటారు గానీ, ప్రేమకి చెవుడు కూడా ఉంటే ఏం చెయ్యాలి?

గడువుకి మూడు రోజులుందనగా కార్యాలయానికి వెళ్లింది. గుమాస్తా చెబుతుంటే ఆమే తన చేత్తో రాసింది. 'నా కుమార్తెకు మాతృభాష చదవడం గానీ రాయడం గానీ రాదు. ఉపాధ్యాయుని కుమార్తెతో గల స్నేహం వలన ఈ మార్కులు వేసినట్లు భావిస్తున్నాను. విచారించ ప్రార్థన.' కింద సంతకం పెట్టింది. ఇంట్లో చెప్పలేదు.

వారం తిరక్కుండా వేరే బళ్ల నుంచి ఇద్దరు భాషా పండితులని పంపారు. పెద్ద మేడమ్ గదిలో పేపర్ల కట్ట విప్పారు. తల్లిని పిలిచారు, పిల్లని క్లాసులోంచి పిలిచారు. మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఎవరూ కూర్చోమనలేదు. ఫిర్యాదు పైకి చదివారు. పిల్ల అప్పుడే మొదటిసారి విన్నది. తల్లివైపు చూడలేదు, కిటికీవైపు చూస్తూ నిలబడింది.

పండితులు విడివిడిగా, వేరే కాగితం మీద మార్కులు వేసుకున్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఒకాయన ముప్పై ఏడు, ఒకావిడ ముప్పై ఎనిమిది.

"అక్షర దోషాలు బోలెడు," అంది ఆవిడ. "కానీ లేఖ మాత్రం ఎక్కడా చూసి రాసింది కాదు. ఇలాంటిది ఎవరూ బట్టీ పట్టించరు. సొంతం." తల్లి ముందుకి పేపరు జరిపింది. "చూసుకోండమ్మా."

'నీ జీవిత లక్ష్యం గురించి మిత్రునికి లేఖ రాయుము.' కింద పెద్ద పెద్ద అక్షరాలు, వంకరగా, కొన్ని ఒత్తులు లేకుండా. తల్లి చదివింది. 'మా అమ్మ రోజుకి మూడు వందల కాలరు కుడుతుంది. మా అమ్మ పది తప్పింది. అది తలుచుకుని రోజు బాద పడుతుంది. నేను తప్పను. నేను పాసయితే అమ్మ బాద పోతుంది. నా లక్షం అది.'

తల్లికి తర్వాతి వాక్యం కనబడలేదు. తల ఎత్తేసరికి పిల్లని క్లాసుకి పంపేశారు.

ఫిర్యాదు తప్పని రాసేశారు. తప్పని తేలినా అది ఫిర్యాదే, ఫైల్లో ఉంటుంది. మాస్టారు ఆ క్లాసు పేపర్లు ఇకమీదట దిద్దకూడదన్నారు, కూతురి స్నేహితులకి ఇంట్లో పాఠాలు చెప్పడం గురించి సంజాయిషీ అడిగారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన సంజాయిషీ రాసుకోవడం అదే మొదలు. మర్నాడే ఆయన భార్య బడికొచ్చి వాగుడుకాయని బి సెక్షన్‌కి మార్పించుకుపోయింది. ఇక మినహాయింపు? పాసయిందని ముగ్గురు పండితుల మాటగా రుజువైపోయాక ఇంకెక్కడి మినహాయింపు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదిగో అది.

విచారణ జరిగిన సాయంత్రమే తల్లి కూతురి ముందు ఏడ్చింది. తప్పయిపోయిందంది, భయంతో చేశానంది, నీ మేలు కోరే చేశానంది. పిల్ల అరిచి ఉంటే, కంచం విసిరేసి ఉంటే ఆమెకి కాస్త తేలికయ్యేది. "పర్లేదమ్మా" అని, పిల్ల తమ్ముడి బొమ్మల పెట్టె సర్దింది.

తల్లి మాస్టారింటికీ వెళ్లింది. ఆయన భార్య తలుపు సగమే తెరిచింది.

"మా ఆయన పడుకున్నారు."

"ఒక్కసారి క్షమించమని అడిగి..."

"అడిగినట్టే చెబుతాలెండి. పిల్లల్ని మాత్రం కలపమని అడక్కండి. మా పిల్ల మీ పిల్లకోసం సొంత చదువు మానుకుని కూర్చుంది మూడు నెలలు. దానికి దొంగతనం అంటగట్టారు." తలుపు నెమ్మదిగానే వేసింది.

పెద్దది కూడా వెళ్లిందట ఒకరోజు, ఆ సంగతి చిన్నవాడు చెప్పాడు. బి సెక్షన్ బయట నిలబడిందట. వాగుడుకాయ బయటికొచ్చి, నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, ఆ మార్కుల గీతల నోటుబుక్కు దీని చేతిలో పెట్టి లోపలికి పోయిందట. మాటల పుట్టలాంటి ఆ పిల్ల ఒక్క మాట అనలేదట. క్లాసులో మిగతావాళ్లు ఊరుకుంటారా? మాస్టారి మీద కంప్లైంటు పెట్టిన టూరిస్టు పక్కన మూడో బెంచీలో కూర్చోవడానికి ఎవరూ రాలేదు. నోట్సు అడిగితే "మాకు భయం బాబూ, మా మీద కూడా రాసిస్తావు" అనేవారు. అన్నం డబ్బా సాయంత్రం ముట్టకుండానే తిరిగొచ్చేది.

తల్లి తనకి తెలిసిన వైద్యమంతా చేసింది. ట్యూషను పెట్టింది, పిల్ల వెళ్లింది, కూర్చుంది, వచ్చింది. తనే రోజూ పక్కన కూర్చుని పాఠం చదివించబోయింది. పిల్ల పుస్తకం తెరిచి, తల్లి చెప్పిన చోట వేలు పెట్టి, నోరు విప్పేది కాదు. తమ్ముడితో కూడా అక్కడి భాషలోనే రెండు ముక్కలు. వాడికి అది అప్పటికే సగం పోయింది, "ఏంటీ?" అనేవాడు. అది మళ్లీ చెప్పేది కాదు.

ఏడాది పరీక్షలయ్యాక పెద్ద మేడమ్ కబురు పెట్టింది. గదిలో బల్లమీద ఒక జవాబుపత్రం ఉంది. మొదటి పేజీలో రోల్ నంబరు, తరగతి, సబ్జెక్టు. తిప్పింది. ఖాళీ. ఇంకోటి తిప్పింది. ఖాళీ. ఎనిమిది పేజీలూ అంతే.

"మూడు గంటలూ కూర్చుందమ్మా," అంది పెద్ద మేడమ్. "పెన్ను మూత కూడా తియ్యలేదని కాపలా ఉన్న టీచరు చెప్పింది. మిగతావన్నీ పాసయింది. లెక్కల్లో క్లాసు మొదటిది. ఈ ఒక్కటే సున్నా. మళ్లీ తొమ్మిదే చదవాలి."

"ఇప్పుడు తప్పిందిగా మేడమ్. ఇప్పుడు ఇవ్వరా మినహాయింపు?"

"గడువు పోయింది. పైగా పాసవగలదని వాళ్లే రాసిపెట్టారు. కావాలని రాయకపోతే దానికి నిబంధన లేదమ్మా."

ఇంటికొచ్చేసరికి పిల్ల కిటికీ దగ్గర కూర్చుని వేలి గోళ్లు చూసుకుంటోంది. తల్లి చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా నేలమీద కూలబడింది. తిట్టాలని వచ్చింది, కాళ్లు పట్టుకోవాలని వచ్చింది. ఏదీ చేతకాలేదు.

"నీకు వచ్చుగా అమ్మడూ. నేను చూశానుగా నీ పేపరు. ఎందుకు రాయలేదే?"

పిల్ల తలెత్తింది. కోపం లేదు ఆ మొహంలో. అలసిపోయిన పెద్దమనిషి మొహంలా ఉంది.

"రాదని నువ్వే రాసిచ్చావుగా అమ్మా. సంతకం కూడా పెట్టావు."

పక్కగదిలో చిన్నవాడు పద్యం వల్లెవేస్తున్నాడు, గడగడా, ఒక్క తప్పు లేకుండా. పిల్ల లేచి వెళ్లి ఆ గది తలుపు వేసి వచ్చింది.

సెలవులయ్యాక పెద్దది మళ్లీ తొమ్మిదో తరగతిలో, అదే మూడో బెంచీలో కూర్చుంది. వాగుడుకాయ పై అంతస్తులో పదికి వెళ్లింది. తల్లి ఆ రోజు కార్ఖానాకి ఆలస్యంగా వెళ్లి, సూపర్‌వైజరు చేత మాటలు పడి, మిషను ముందు కూర్చుని కాలర్లు కుట్టింది. సాయంత్రం ఇంటికొచ్చి బడి ఎలా ఉందని అడిగింది. పిల్ల డబ్బా కడగడానికి లేచిపోయింది, ఆ తర్వాత తల్లి అడగడం మానేసింది.